అరవై మీటర్ల ట్రాలీ పట్టా: సందు వదలాలా, అతికించాలా, గట్టిగా బిగించాలా?

తాడిపత్రిలో ఒక గ్రానైట్ యార్డులో బ్లాకులు మోసే ట్రాలీ కోసం అరవై మీటర్ల పట్టా పరిచాం. జనవరి నెల, పొద్దున్నే చలి. ముక్కలన్నీ వెల్డింగుతో అతికించి ఒకటే పట్టాగా చేశాం. రెండు చివర్లా ట్రాలీ ఆగడానికి కాంక్రీటు దిమ్మెలు కట్టించి, పట్టా కొసకూ దిమ్మెకూ మధ్య నేను సందు వదిలాను. మరుసటి రోజు పూత పనికి వచ్చిన మేస్త్రీ ఆ సందు చూసి, పని మిగిలిపోయిందనుకుని సిమెంటు కూరి నున్నగా మూసేశాడు. అది ఎందుకు వదిలామో ఆయనకు ఎవరూ చెప్పలేదు.

మే నెలలో యజమాని ఫోన్ చేశాడు. "అన్నా, దిమ్మె పగిలింది. ట్రాలీ తగల్లేదు, ఎవరూ ఏమీ చేయలేదు. దానంతట అదే పగిలింది."

వెళ్లి చూస్తే దిమ్మె మొదట్లో అడ్డంగా పగులు, దిమ్మె బయటి వైపు ఒరిగి ఉంది. పట్టా కొస దిమ్మెలోకి గుద్దుకుపోయి, సిమెంటు పొడి రాలి ఉంది. ఆ రోజు అతను అడిగిన ప్రశ్ననే తర్వాత చాలామంది అడిగారు: "రైల్వే వాళ్లు మైళ్ల పొడవు పట్టా అతికించేసి ఊరకుంటారు కదా, మనకెందుకు ఈ సందుల గొడవ?" అనంతపురం, కడప, కర్నూలు ఎండల్లో ఆరుబయట పట్టా, కడ్డీ, గేటు చానల్, ఏది పరిచినా ఈ ప్రశ్న వస్తుంది. అందుకే దీన్ని లెక్కతో సహా రాస్తున్నాను.

దారులు మూడు. ఒకటి, ముక్కల మధ్య సందు వదిలి, పక్కల నుంచి బోల్టులతో బిగించే ఫిష్‌ప్లేట్లు అనే ఇనుప పలకలతో కలపడం. రెండు, అంతా అతికించి కదలకుండా గట్టిగా పట్టి ఉంచడం. మూడు, అంతా అతికించి నడుమ ఒక్కచోట మాత్రం బిగించి, రెండు కొసలనూ స్వేచ్ఛగా వదలడం. ఏది ఎంచుకున్నా ముందు ఒక విషయం తేల్చుకోవాలి. పట్టా ఎంత చల్లబడుతుంది, ఎంత వేడెక్కుతుంది?

ఇక్కడ చాలామంది పేపర్లో వచ్చే ఉష్ణోగ్రత తీసుకుంటారు. అది గాలి ఉష్ణోగ్రత, నీడలో కొలిచినది. ఎండలో పడి ఉన్న ఇనుము దానికంటే 15 నుంచి 20 డిగ్రీలు ఎక్కువ వేడెక్కుతుంది. గాలి 43 అంటే పట్టా 60 చుట్టూ ఉంటుంది. చెయ్యి పెడితే క్షణం నిలవదు. చలికాలం తెల్లవారుజామున పట్టా దాదాపు గాలి అంత చల్లగా ఉంటుంది. మా యార్డు లెక్కకు నేను కింద 15 డిగ్రీలు, పైన 65 డిగ్రీలు పెట్టుకుంటాను. మొత్తం తేడా 50.

కొలిచేటప్పుడు ఒక జాగ్రత్త. తుపాకీలా ఉండే ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్‌ను చక్రాలు తిరిగి మెరిసే పట్టా తల మీద గురిపెడితే తక్కువ చూపిస్తుంది. మెరిసే లోహం వేడిని సరిగా వెదజల్లదు. తుప్పు పట్టిన నడుం భాగం మీద, ఎండ పడని వైపు గురిపెట్టాలి. మామూలు థర్మామీటర్ అయితే అదే చోట గ్రీజు ముద్దతో అంటించి పది నిమిషాలు ఆగి చదవాలి.

ఇక లెక్క. ఉక్కు దైర్ఘ్య వ్యాకోచ గుణకం α డిగ్రీకి 12 × 10⁻⁶. అంటే ఒక మీటరు ఉక్కు ఒక డిగ్రీ వేడెక్కితే 0.012 మిల్లీమీటర్లు సాగుతుంది. చాలా చిన్నదిగా కనిపిస్తుంది గానీ అరవై మీటర్లకు, యాభై డిగ్రీలకు గుణిస్తే 36 మిల్లీమీటర్లు. రెండు వేళ్ల మందం.

```
ΔL = L × α × ΔT
σ  = E × α × ΔT
σ  = E × (α × ΔT − g / L)
```

ఇందులో L పట్టా పొడవు, ΔT ఉష్ణోగ్రత తేడా. మొదటిది స్వేచ్ఛగా వదిలిన పట్టా ఎంత సాగుతుందో చెబుతుంది. రెండోది అస్సలు సాగనివ్వకపోతే లోపల ఎంత ప్రతిబలం, అంటే స్ట్రెస్, పుడుతుందో చెబుతుంది. మూడోది నడిమి స్థితి: g అంత సందు వదిలాం, అది మూసుకుపోయాక ఇంకా వేడెక్కింది. ఉక్కు యంగ్ గుణకం E సుమారు 2,00,000 మెగాపాస్కల్‌లు. దాన్ని α తో గుణిస్తే డిగ్రీకి 2.4 మెగాపాస్కల్‌లు. ఈ 2.4 గుర్తుంచుకుంటే చాలు, మిగతాది నోటి లెక్కే.

రెండో సూత్రంలో పొడవు లేదని గమనించండి. మీటరు కడ్డీ అయినా, కిలోమీటరు పట్టా అయినా, కదలకుండా పట్టి ఉంచితే ప్రతిబలం ఒకటే. విద్యార్థులు ఎక్కువగా తప్పు చేసేది ఇక్కడే, "పొడవు పట్టా కాబట్టి ఎక్కువ ప్రతిబలం" అని రాస్తారు. మూడో సూత్రంలో మాత్రం పొడవు వస్తుంది, ఎందుకంటే సందు అనేది పొడవులో పంచుకోవాల్సిన వస్తువు.

ప్రతిబలం అడ్డుకోతను, అంటే పట్టాను అడ్డంగా కోస్తే కనిపించే ముఖపు వైశాల్యాన్ని బట్టి కూడా మారదు. కానీ దిమ్మెను నెట్టేది ప్రతిబలం కాదు, బలం. బలం కావాలంటే అడ్డుకోతతో గుణించాలి. మా యార్డులో వేసింది మీటరుకు 30 కిలోల పాత పట్టా. ఉక్కు సాంద్రత ఘనపు మీటరుకు 7850 కిలోలు కాబట్టి అడ్డుకోత 38 చదరపు సెంటీమీటర్లు. పట్టా తూకం తెలిస్తే అడ్డుకోత ఇలా పట్టేయవచ్చు, పట్టిక అక్కర్లేదు.

పగిలిన దిమ్మె కథకు ఈ లెక్క పెడదాం. పరిచిన రోజు పట్టా 22 డిగ్రీలు. మేలో 65. తేడా 43. ప్రతిబలం 43 × 2.4, అంటే 103 మెగాపాస్కల్‌లు. దాన్ని 3800 చదరపు మిల్లీమీటర్లతో గుణిస్తే 3,92,000 న్యూటన్లు. అంటే 40 టన్నుల బరువు దిమ్మెను అడ్డంగా నెట్టినట్టు. ట్రాలీ గుద్దితే ఆపడానికి కట్టిన దిమ్మె ఇది, దాని లోపల నాలుగు చువ్వలు తప్ప ఏమీ లేవు. అసలు 40 టన్నులదాకా పోకముందే అది పగిలి ఉంటుంది. పగిలి కొంచెం జరగగానే ఒత్తిడి తగ్గిపోయింది, అందుకే పట్టా మాత్రం తిన్నగానే మిగిలింది. దిమ్మె గట్టిదై ఉంటే పట్టా పక్కకు వంగేది. అది ఇంకా పెద్ద నష్టం.

గట్టిగా పట్టి ఉంచే దారిని అందరూ ప్రతిబలం వైపు నుంచి భయపడతారు. నిజానికి 103 మెగాపాస్కల్‌లకు ఉక్కు ఏమీ కాదు, మామూలు ఉక్కే 250 దాకా ఓర్చుకుంటుంది. ప్రమాదం పక్కకు వంగడంలో ఉంది, బక్లింగ్ అంటాం. సన్నటి కడ్డీతో చూస్తే బాగా అర్థమవుతుంది. 20 మిల్లీమీటర్ల గుండ్రటి కడ్డీ, మీటరు పొడవు, రెండు గోడల మధ్య కొసలు తిరగగలిగేలా పెట్టామనుకోండి. అది వంగే ఉష్ణోగ్రత తేడా ఇలా వస్తుంది:

```
ΔT = π² / (α × (L / r)²)
```

ఇక్కడ r అంటే అడ్డుకోత భ్రమణ వ్యాసార్థం, గుండ్రటి కడ్డీకి వ్యాసంలో నాలుగో వంతు, అంటే 5 మిల్లీమీటర్లు. L/r 200. లెక్కిస్తే 20.6 డిగ్రీలు. తెల్లారి బిగించిన కడ్డీ పదకొండు గంటలకల్లా విల్లులా వంగుతుంది. ఆ సమయానికి దానిలో ప్రతిబలం 50 మెగాపాస్కల్‌లే. అదే కడ్డీకి నడుమ ఒక ఆధారం ఇస్తే వంగే పొడవు సగమై, భరించే వేడి నాలుగింతలవుతుంది, 82 డిగ్రీలు. మన ఎండ అంత తేలేదు. సూత్రంలో E లేకపోవడం కూడా చూడండి. ఇంకా గట్టి రకం ఉక్కు కొన్నా ఇక్కడ ఉపయోగం లేదు. ఆధారాలు దగ్గరగా ఉండటమే పని చేస్తుంది.

రైల్వే చేసేది సరిగ్గా ఇదే. పొడవాటి అతికించిన పట్టాను దగ్గర దగ్గరగా ఉన్న స్లీపర్లు పట్టుకుంటాయి, స్లీపర్లను కంకర పట్టుకుంటుంది. మీటరుకు 60 కిలోల పట్టా అడ్డుకోత సుమారు 77 చదరపు సెంటీమీటర్లు కాబట్టి డిగ్రీకి 1.9 టన్నుల బలం ఒక్కో పట్టాలో పుడుతుంది. పాతిక డిగ్రీలకు 47 టన్నులు. ఇంత బలాన్ని కొసలో ఏ దిమ్మె ఆపదు. ప్రతి స్లీపరూ కొంచెం కొంచెం ఆపుతుంది. కొస దగ్గర పట్టా కదులుతుంది, లోపలికి పోయేకొద్దీ కదలిక తగ్గి, ఒక దూరం తర్వాత పూర్తిగా ఆగిపోతుంది. ఆ కదిలే భాగాన్ని బ్రీదింగ్ లెంగ్త్ అంటారు. మన దేశంలో అది ఒక్కో కొసలో సుమారు వంద మీటర్లు ఉంటుంది. అందుకే ఆ కొసల్లో పట్టా జారడానికి వీలిచ్చే స్విచ్ ఎక్స్‌పాన్షన్ జాయింట్ పెడతారు. పట్టాను బిగించేది కూడా చలిలో కాదు, ఆ ప్రాంతపు పట్టా ఉష్ణోగ్రతల సగటు కంటే కొన్ని డిగ్రీలు ఎక్కువ దగ్గర. ఎండకు వంగడం కంటే చలికి కాస్త ఎక్కువ లాగబడటం మేలని.

ఇప్పుడు మన అరవై మీటర్లకు వద్దాం. 40 డిగ్రీల దగ్గర బిగిస్తే అటు 25, ఇటు 25. ప్రతిబలం 60 మెగాపాస్కల్‌లు, బలం 23 టన్నులు. 60 సెంటీమీటర్లకు ఒక క్లిప్పు వేసి, ఒక్కోటీ అర టన్ను దాకా జారకుండా ఆపుతుందనుకుంటే, 23 టన్నులు ఆపడానికి 46 క్లిప్పులు కావాలి, అంటే ఇరవై ఎనిమిది మీటర్లు. రెండు కొసలకూ కలిపి యాభై ఆరు. మొత్తం పట్టానే అరవై! నడుమ నాలుగు మీటర్లు తప్ప అంతా కొసల్లో కదిలే భాగమే. రైల్వే మైళ్ల పొడవులో పొందే లాభం, అంటే నడుమ పట్టా అసలు కదలకపోవడం, మనకు దొరకదు. వాళ్ల బలం భరించాల్సి వస్తుంది, వాళ్ల ఫలితం మాత్రం రాదు. యార్డుకు రెండో దారి వద్దని నేను చెప్పేది ఇందుకే. పట్టాను నేలతో సమానంగా కాంక్రీటులో పూడ్చాల్సి వస్తే తప్ప, అప్పుడు కాంక్రీటే పొడవునా పట్టుకుంటుంది, ఆ బిగింపును పక్కా మధ్యాహ్నం కాకుండా, తెల్లవారి చలిలోనూ కాకుండా, పట్టా 40 దగ్గర ఉన్నప్పుడు చేసుకోవాలి.

సందుల దారి పాతది, నమ్మకమైనది, కానీ కొలతలో నిజాయితీ కోరుతుంది. పన్నెండు మీటర్ల ముక్కలు ఐదు. ఒక్కో ముక్క డిగ్రీకి 0.144 మిల్లీమీటర్లు సాగుతుంది. సందు ఎంత వదలాలన్నది పరిచే రోజు పట్టా ఎంత వేడిగా ఉందో దాన్ని బట్టి ఉంటుంది, ఒకే సంఖ్య కాదు. 65 నుంచి ఆ వేడిని తీసేసి 0.144 తో గుణించాలి. పట్టా 40 ఉంటే 3.6 మిల్లీమీటర్లు. 30 ఉంటే 5. చలికాలం పొద్దున్నే 20 ఉంటే 6.5. మేము 3, 4, 5, 6 మిల్లీమీటర్ల రేకు ముక్కలు కోసి చిన్న వైరుకు గుచ్చి పెట్టుకుంటాం. రెండు పట్టాల మధ్య తగిన ముక్కలు దూర్చి, పట్టా ఆనించి, ఫిష్‌ప్లేట్ బోల్టులు బిగించి, ఆ తర్వాత ముక్కలు లాగేస్తాం. పని మధ్యాహ్నం దాకా సాగితే మళ్లీ వేడి కొలిచి సందు మార్చాలి. పొద్దున పెట్టిన సందే సాయంత్రం దాకా పెట్టుకుంటూ పోయిన పట్టాలో ఒక చివర వదులు, ఒక చివర బిగువు ఉంటాయి.

"అంత ఎందుకు, 3 మిల్లీమీటర్లు చాలు" అనే మాట ప్రతి సైటులో వినపడుతుంది. 20 డిగ్రీల రోజు 3 మిల్లీమీటర్లు వదిలామనుకుందాం. 21 డిగ్రీలు ఎక్కగానే, అంటే పట్టా 41 అయ్యేసరికి, సందు మూసుకుపోతుంది. 41 అంటే మార్చి నెల పది గంటల ఎండ. అక్కడి నుంచి 65 దాకా మిగిలిన 24 డిగ్రీలు పూర్తిగా ప్రతిబలమే: 58 మెగాపాస్కల్‌లు, 22 టన్నులు. సందు వదిలామన్న తృప్తి తప్ప, దాదాపు గట్టిగా బిగించిన పట్టాతో సమానం. ఎక్కువ వదిలినా తప్పే. చలిలో సందు అదనంగా తెరుచుకుని, బోల్టులు రంధ్రాల అంచులకు తగిలి లాగబడతాయి.

చక్రం సందు మీద పడి దెబ్బ తగులుతుందనే ఫిర్యాదు ఉంది. ఇది నేను కూడా నమ్మేవాణ్ని, లెక్క వేశాక మారాను. 250 మిల్లీమీటర్ల చక్రం 7 మిల్లీమీటర్ల సందులోకి దిగేది 0.05 మిల్లీమీటర్లు మాత్రమే, కాగితం మందంలో సగం. శబ్దం, దెబ్బ వచ్చేది రెండు కొసలు ఎత్తులో తేడాగా ఉండటం వల్ల, జాయింటు కింద ఆధారం లేక కొస కుంగడం వల్ల. జాయింటుకు అటూ ఇటూ దగ్గరగా ఆధారం ఇచ్చి, పట్టా తలలను సమంగా రుద్దితే ట్రాలీ సాఫీగానే పోతుంది.

బండల యార్డులో సందులకు అసలు శత్రువు వేరు: పాలిష్ బురద. రాతి పిండి, నీళ్లు కలిసిన ఆ చిక్కటి బురద సందులోకి దిగి, ఎండి, సిమెంటులా గట్టిపడుతుంది. ఫిష్‌ప్లేట్ వెనక కూడా చేరుతుంది. కాగితం మీద 5 మిల్లీమీటర్ల సందు, నిజానికి సున్నా. ఇది బయటి నుంచి కనిపించదు. కనిపెట్టడం మాత్రం సులువే. తెల్లవారి ఒకసారి, మధ్యాహ్నం రెండింటికి ఒకసారి సందు కొలవండి. పట్టా 30 డిగ్రీలు వేడెక్కితే సందు 4.3 మిల్లీమీటర్లు తగ్గాలి. రెండుసార్లూ ఒకే కొలత వచ్చిందంటే ఆ జాయింటు బిగుసుకుపోయింది. బోల్టులు వదులు చేసి, సన్నటి రేకుతో గీకి, నీళ్లతో కడిగి, ఆరాక ఫిష్‌ప్లేట్ లోపల గ్రీజు పూసి, మళ్లీ బిగించాలి. బోల్టును బలమంతా పెట్టి బిగించడం కూడా ఇదే జబ్బు తెస్తుంది. ఫిష్‌ప్లేట్ పట్టాను కలపాలి, కదలకుండా ఉరి వేయకూడదు.

మూడో దారి, అంటే అంతా అతికించి కొసలు వదలడం, అరవై మీటర్ల తిన్నని పట్టాకు నాకు నచ్చినది. బురద చేరడానికి జాయింటే ఉండదు. నడుమ మూడు నాలుగు క్లిప్పులు గట్టిగా బిగించి, మిగతావన్నీ పట్టా పాదం మీద అర మిల్లీమీటరు వదులుగా ఉంచాలి. పట్టా పక్కకు పోకూడదు, పైకి లేవకూడదు, పొడవు వైపు మాత్రం జారాలి. నడుమ నుంచి కొసకు ముప్పై మీటర్లు. 40 దగ్గర పరిస్తే ఒక్కో కొస ఎండలో 9 మిల్లీమీటర్లు ముందుకు పోయి, చలిలో 9 వెనక్కి వస్తుంది. 22 దగ్గర పరిస్తే ముందుకు పోయేది 15.5. నేను ప్రతి కొసలో 25 మిల్లీమీటర్లు వదులుతాను. ట్రాలీ అక్కడిదాకా రాదు కాబట్టి ఎక్కువ వదిలినా నష్టం లేదు. క్లిప్పుల రాపిడి మీటరుకు వంద కిలోలు అనుకున్నా, పట్టా నడుమ చేరే బలం 3 టన్నులు, 23 తో పోలిస్తే ఏపాటి. పగిలిన దిమ్మె యార్డులో తర్వాత చేసింది ఇదే. కొస సందులో ఈసారి థర్మాకోల్ ముక్క పెట్టి, దాని మీద ఎర్ర రంగుతో "సిమెంటు వేయరాదు" అని రాయించాం.

అయితే ఈ దారి మొత్తం వెల్డింగు మీద ఆధారపడి ఉంది, దాన్ని తేలిగ్గా తీసుకోవద్దు. రైలు పట్టా మామూలు యాంగిల్ ఉక్కు కాదు, కార్బన్ ఎక్కువ. గేట్లు అతికించే మామూలు రాడ్డుతో, పట్టాను వేడి చేయకుండా అతికిస్తే, వెల్డు పక్కన ఉక్కు గాజులా పెళుసవుతుంది. ఎండాకాలం నొక్కుడులో బాగానే ఉంటుంది. డిసెంబరులో పొద్దున్నే మొదటి బ్లాకు ఎక్కించినప్పుడు టప్పుమని విరుగుతుంది. విరిగిన ముఖం చూస్తే మెరిసే గింజలుంటాయి, సాగిన గుర్తు ఉండదు. థర్మిట్ వెల్డింగు చేసేవాళ్లు గానీ, ముందుగా వేడి చేసి తక్కువ హైడ్రోజన్ రాడ్లతో చేసి, మెల్లగా చల్లార్చే వెల్డరు గానీ దొరికితేనే అతికించండి. దొరకకపోతే సందుల దారి పట్టండి, బురద కడుక్కునే పని పెరిగినా సరే.

వంపు ఉన్న పట్టాకు కూడా సందులే మేలు. వంపులో ఉన్న అతికించిన పట్టా వేడెక్కినప్పుడు కొసల వైపు జారకుండా వంపు బయటికి నెడుతుంది, వదులు క్లిప్పులు దాన్ని ఆపలేవు. పట్టా నూట యాభై, రెండు వందల మీటర్లకు పెరిగితే కొసలు జరిగేది కూడా అంతే పెరుగుతుంది, అప్పుడు నడుమ ఒకటి రెండు చోట్ల సందు జాయింట్లు పెట్టి ముక్కలుగా విడగొట్టుకోవాలి. షెడ్డు లోపల సగం, బయట సగం ఉన్న పట్టాకు బయటి భాగాన్నే లెక్కకు తీసుకోండి. గట్టి బిగింపును షెడ్డు లోపలి వైపు జరిపితే బయటి కొస ఎక్కువ జరుగుతుంది, ఆ వైపు సందు పెంచుకుంటే సరిపోతుంది.

ఏ దారిలో వేసినా మొదటి వేసవిలో ఒక రోజు యార్డుకు పోయి నిలబడండి. మధ్యాహ్నం రెండింటికి పట్టా తల మీద కన్ను ఆనించి పొడవునా చూడండి. క్లిప్పుకూ క్లిప్పుకూ మధ్య అల కనపడితే, లేక ఒక క్లిప్పు బోల్టు చుట్టూ కాంక్రీటు కొత్తగా రాలి ఉంటే, సందు ఎక్కడో మూసుకుపోయింది. ఆ మధ్యాహ్నమే పట్టా కోయకండి. లోపల టన్నుల బలం బిగబట్టి ఉంటుంది, కోత పడగానే కొస ఎటు తన్నుతుందో తెలియదు. మరుసటి తెల్లవారి, పట్టా చల్లబడి సందు తెరుచుకున్నాక కొలిచి, అప్పుడు సరిచేయండి.